జర్మనీ చదువుకు నిజాయితీగా కరపత్రం రాయడం ఎలా?

విదేశీ విద్యా కన్సల్టెన్సీలో ప్రకటనలు రాయడానికి కొత్తగా చేరినవాళ్ల చేతికి తరచూ ఇలాంటి పాత కరపత్రం ఒకటి వస్తుంది: "జర్మనీలో ఉచిత విద్య! 100% వీసా గ్యారంటీ! చదువవగానే లక్షల్లో జీతం!" దీన్నే ఇంకాస్త ఆకట్టుకునేలా మార్చమంటారు. అయితే ఆ కాగితాన్ని చదివేది బీటెక్ చివరి ఏడాది కుర్రాడు ఒక్కడే కాదు. పొలం అమ్మాలా, ఇంటి మీద లోన్ తీసుకోవాలా అని లెక్కలు వేసుకునే అతని తండ్రి కూడా చదువుతాడు. కరపత్రం ఆయనకు సరైన లెక్క చెప్పాలి, మన ఆఫీసుకు ఫోనూ రావాలి. జర్మనీ మాస్టర్స్ ప్రకటననే తీసుకుని ఒక్కో మెట్టూ చూద్దాం.

1. "ఉచితం" అన్న మాట విప్పి చెప్పండి

జర్మనీలోని ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు ట్యూషన్ ఫీజు తీసుకోవన్నది నిజమే. కానీ బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులు 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు కడుతున్నారు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 శీతాకాలపు సెమిస్టరు నుంచి కొత్తగా చేరే అలాంటి విద్యార్థుల దగ్గర ఫీజు మొదలుపెట్టింది. మాస్టర్స్ కోర్సుకైతే అది సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 యూరోలు. ప్రైవేటు యూనివర్సిటీలకు ట్యూషన్ ఫీజు ఎలాగూ ఉంటుంది.

అందుకే "ఉచిత విద్య" అనే రెండు మాటల్ని తీసేసి ఇలా రాయండి: "చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. నివాస ఖర్చు మాత్రం మీదే." మినహాయింపుల్ని దాని కిందే, అదే సైజు అక్షరాల్లో ఇవ్వండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022లో తెచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. షరతు అసలు మాటకు విరుద్ధంగా ఉండకూడదు, అదే భాషలో, అదే ఫాంటులో ఉండాలి. కాబట్టి తెలుగు కరపత్రం అడుగున చీమల బారులా ఇంగ్లిష్‌లో షరతులు అచ్చువేస్తే సరిపోదు.

2. ఖర్చును మూడు వరసల్లో పెట్టండి

"మొత్తం 12 లక్షలు" అని ఒక్క అంకె రాస్తే తండ్రికి ఏమీ అర్థం కాదు. అందులో పోయే డబ్బెంతో, కొడుకు పేరు మీదే ఉండే డబ్బెంతో వేరుగా కనిపించాలి. ఇక్కడ యూరోకు 100 రూపాయలుగా లెక్క వేస్తున్నాను. మీరు అచ్చు వేసే వారం రేటు చూసి, ఆ తేదీ కూడా పక్కన రాయండి.

మొదటిది, తిరిగిరాని ఖర్చు. ఏపీఎస్ సర్టిఫికెట్‌కు 18,000 రూపాయలు, వీసా ఫీజు 75 యూరోలు. వీటితో పాటు భాషా పరీక్ష, అప్లికేషన్ల ఫీజు, విమానం టికెట్, మీ కన్సల్టెన్సీ ఫీజు ఉంటాయి. వీటికి ఊహ అంకెలు వేయకండి. కిందటి బ్యాచ్ వాళ్లు నిజంగా కట్టినవి రసీదులు చూసి రాయండి.

రెండోది, చూపించాల్సిన డబ్బు. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు, అంటే మన లెక్కలో దాదాపు 11 లక్షల 90 వేల రూపాయలు జమచేయాలి. ఇది ఫీజు కాదు. విద్యార్థి పేరు మీదే ఉండి, అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున చేతికొస్తుంది. అద్దె, తిండి, ఆరోగ్య బీమా అన్నీ అందులోంచే. మ్యూనిక్ లాంటి నగరంలో అది సరిపోవడం కష్టమని కూడా చెప్పాలి.

మూడోది, కరపత్రాల్లో ఎక్కువగా మాయమయ్యేది: రెండో ఏడాది. రెసిడెన్స్ పర్మిట్ పొడిగించుకునేటప్పుడు ఖర్చులకు డబ్బుందని మళ్లీ చూపించాలి. నాలుగు సెమిస్టర్ల కోర్సు ఐదో ఆరో పట్టడం అక్కడ అరుదేమీ కాదు. పార్ట్‌టైమ్ పని ఏడాదికి 140 పూర్తి రోజుల వరకు చేయవచ్చు. కానీ ఆ సంపాదనను ఖర్చులోంచి ముందే తీసేయకండి. పని దొరకడానికి నెలలు పట్టవచ్చు, అద్దె మాత్రం మొదటి నెలనుంచే కట్టాలి.

3. ఫలితం చెప్పేటప్పుడు ఎంతమందిలోనో చెప్పండి

ఒక కన్సల్టెన్సీ రికార్డు ఇలా ఉందనుకుందాం. 60 మంది పేరు నమోదు చేసుకున్నారు. 45 మందికి అడ్మిషన్ వచ్చింది. డబ్బు కుదరక ఐదుగురు ఆగిపోగా 40 మంది వీసాకు దరఖాస్తు చేశారు. 36 మందికి వీసా వచ్చింది. "90% వీసా సక్సెస్" అని రాస్తే అబద్ధం కాదు. కానీ మీ గుమ్మం తొక్కిన 60 మందిలో విమానం ఎక్కగలిగింది 60 శాతమే. ఈ రెండో అంకె తెలియకపోతే తండ్రి తప్పు నిర్ణయం తీసుకుంటాడు. కాబట్టి శాతం వదిలేసి, నాలుగు అంకెలూ వరసగా రాయండి.

ఉద్యోగాల లెక్కలోనూ ఇదే జరుగుతుంది. పాత బ్యాచ్ 30 మందిలో 14 మందికి చదివిన రంగంలో, ఐదుగురికి వేరే పనుల్లో ఉద్యోగాలు వచ్చాయనుకోండి. ఆరుగురు ఇంకా చదువుతున్నారు, మరో ఐదుగురి సంగతి తెలియదు. "ఉద్యోగం వచ్చిన 19 మందిలో 14 మంది తమ రంగంలోనే" అని రాస్తే మిగిలిన 11 మంది మాయమైపోతారు. "30 మందిలో 14" అని రాసి, ఆచూకీ తెలియని ఐదుగురినీ చెప్పండి.

4. గ్యారంటీ మాటలు కొట్టేయండి

వీసా ఇచ్చేది జర్మన్ అధికారులు. ఆ నిర్ణయం మీ చేతిలో లేనప్పుడు గ్యారంటీ కూడా ఉండదు. దాని స్థానంలో మీ చేతిలో ఉన్నది రాయండి: "వీసా రాకపోతే మా ఫీజులో ఇంత, ఇన్ని రోజుల్లో తిరిగి ఇస్తాం." రిఫండ్ లేకపోతే లేదనే రాయండి.

జీతం రాస్తే పన్ను, బీమా కోతల ముందుదా, తర్వాతదా చెప్పాలి. ఒంటరి ఉద్యోగి జీతంలో మూడో వంతు వరకు, కొన్నిసార్లు అంతకు మించి, కోతలకే పోతుంది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు ఉండే వీలుందని చెప్పడం సబబే. దాని పక్కనే, కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా చాలా ఉద్యోగాలకు జర్మన్ భాష కావాలన్న మాటా ఉండాలి.

5. మీకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చెప్పండి

ప్రైవేటు యూనివర్సిటీలు విద్యార్థిని తెచ్చినందుకు కన్సల్టెన్సీకి కమీషన్ ఇస్తుంటాయి. ప్రభుత్వ యూనివర్సిటీల నుంచి సాధారణంగా అలాంటిది రాదు. అందుకే "ఉచిత విద్య" ఫ్లెక్సీ చూసి వచ్చిన కుర్రాడి ముందు కౌన్సెలర్ ప్రైవేటు కోర్సు పెట్టే ప్రమాదం ఉంది. ఏయే యూనివర్సిటీలనుంచి కమీషన్ వస్తుందో కరపత్రంలో ఒక వాక్యం రాయండి. యజమాని ఒప్పుకోకపోతే, కనీసం "ఉచితం" అన్న ప్రచారంతో పిలిచి ప్రైవేటు కోర్సు అమ్మే ప్రకటన రాయనని చెప్పండి.

6. ఇప్పుడు కలిపి రాయండి

పై లెక్కలతో కరపత్రం ఇలా తయారవుతుంది:

"జర్మనీలో మాస్టర్స్: చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, కొన్నింటిలో ఉంది. తిరిగిరాని ఖర్చు ఇంత. వీసాకు మీ పేరున దాదాపు 12 లక్షలు చూపాలి. రెండో ఏడాదికి మళ్లీ డబ్బు సిద్ధం చేసుకోవాలి. కిందటేడు 60 మంది మా దగ్గర చేరారు, 45 మందికి అడ్మిషన్, వీసాకు వెళ్లిన 40 మందిలో 36 మందికి వీసా వచ్చింది. పాత బ్యాచ్ 30 మందిలో 14 మంది తమ రంగంలో పనిచేస్తున్నారు, ఐదుగురి సంగతి తెలియదు. మీ మార్కులు, బడ్జెట్ తీసుకుని అమ్మానాన్నలతో రండి. కుదరదనిపిస్తే ఆ రోజే చెబుతాం."

అచ్చుకు ఇచ్చే ముందు దీన్ని ఆఫీసుతో సంబంధం లేని ఒక తండ్రికో తల్లికో చదవమని ఇచ్చి మూడు ప్రశ్నలు అడగండి. మొత్తం ఎంత కావాలి? అందులో తిరిగిరానిది ఎంత? వెళ్లినవాళ్లలో ఎంతమందికి తమ రంగంలో ఉద్యోగం వచ్చింది? ఏ జవాబు తడబడితే ఆ వాక్యాన్ని మళ్లీ రాయండి. ఇలాంటి కరపత్రం చూసి వచ్చే ఫోన్లు తగ్గవచ్చు. కానీ వచ్చేవాళ్లు ఖర్చు తెలిసి వస్తారు. అడ్మిషన్ వచ్చాక డబ్బు కుదరక ఆగిపోయిన ఆ ఐదుగురిలాంటి వాళ్లు అప్లికేషన్ ఫీజులు కట్టకముందే తమ దారి తాము చూసుకోగలుగుతారు.