అరికాలిలో పులిపిరా? ఆనెకాయా?

అరికాలిలో గట్టిగా, నడిస్తే గుచ్చుకునేది ఏది లేచినా మన ప్రాంతంలో దాన్ని ఆనెకాయ అనే అంటారు. కానీ వాటిలో కొన్ని ఆనెకాయలు కావు, పులిపిర్లు. రెండింటి వైద్యం వేరు కనుక ఈ నెల ఆ తేడా తెలుసుకుందాము.

మా ఓ.పి.కి ఒక తల్లి తన 13 ఏళ్ల కుమారుని తీసుకువచ్చింది. హాస్టలులో ఉండి చదువుకునే పిల్లవాడు. "ఆనెకాయేనండీ డాక్టరమ్మ గారూ. నాలుగు నెలల నుంచి బ్లేడుతో కోస్తున్నాము, మళ్లీ వస్తోంది. ఇప్పుడు పక్కన ఇంకో రెండు లేచాయి" అన్నది. ఆ చివరి మాట వినగానే మాకు అనుమానం వచ్చింది. ఆనెకాయ ఇలా పిల్లలు పెట్టదు.

తేడా ఎలా తెలుస్తుంది?

ఆనెకాయ అంటే ఒత్తిడి వల్ల, రాపిడి వల్ల గట్టిపడిన చర్మం. బిగుతు చెప్పులు, ఎముక ఒత్తుకునే చోటు దానికి కారణం. పులిపిరి హ్యూమన్ పాపిలోమా అనే వైరస్ వల్ల వస్తుంది. ఒంటి బరువు పడి లోపలికి అణగిపోవటం వల్ల పైకి బల్లపరుపుగా, ఆనెకాయలాగే కనిపిస్తుంది.

మూడు గుర్తులు చూడండి. మొదటిది, వేలిముద్రల వలె అరికాలిపై ఉండే సన్నని గీతలు. ఇవి పులిపిరి దగ్గరకు వచ్చి ఆగి, పక్కకు తప్పుకుపోతాయి. ఆనెకాయ మీదుగా మాత్రం సాధారణంగా కొనసాగుతాయి. రెండవది నొప్పి. ఆనెకాయను నేరుగా నొక్కితే ఎక్కువ నొప్పి. పులిపిరిని రెండు పక్కల నుంచి గిల్లినట్లు నొక్కితే ఎక్కువ నొప్పి. మూడవది, పైపొర గీసినప్పుడు పులిపిరిలో నల్లని చుక్కలు, సూదిమొనంత రక్తపు బొట్లు కనిపిస్తాయి. ఆ చుక్కలు వేళ్లు కావు, గడ్డకట్టిన సన్నని రక్తనాళాలు. ఆనెకాయలో రక్తం ఉండదు, మధ్యలో గట్టి గుజ్జు ఉంటుంది. ఈ మూడవ పరీక్ష ఇంట్లో చేయవద్దు, మాకు వదిలిపెట్టండి.

ఆ బాబుకు మూడు గుర్తులూ ఉన్నాయి.

వైద్యం

పిల్లల్లో చాలా పులిపిర్లు ఒకటి రెండేళ్లలో వాటంతట అవే పోతాయి. నొప్పి లేకపోతే వేచి ఉండవచ్చు. ఈ బాబు కుంటుతున్నాడు కనుక 17 శాతం శాలిసిలిక్ యాసిడ్ ద్రవం ఇచ్చాము. వాడే పద్ధతి ఇది: రాత్రి పడుకునే ముందు కాలిని గోరువెచ్చని నీటిలో 5 నుంచి 10 నిమిషాలు నానబెట్టి, తెల్లబడిన చచ్చిన చర్మాన్ని నురగరాయితో మెల్లగా రుద్దాలి. తడి తుడిచి, చుట్టూ ఉన్న మంచి చర్మానికి వాజలైన్ రాసి, పులిపిరి మీద మాత్రమే చుక్క మందు వేసి ఆరనివ్వాలి. ఇలా ప్రతిరోజూ 12 వారాలు.

చాలామంది రెండు వారాలు వాడి మానేస్తారు, అందుకే తగ్గదు. ఈ బాబుకు మూడవ వారంలో చర్మం మండింది. నాలుగు రోజులు ఆపి మళ్లీ మొదలు పెట్టించాము. పదకొండవ వారానికి నల్లచుక్కలు పోయి, చర్మపు గీతలు తిరిగి కలిశాయి. అదే నయమైనట్లు గుర్తు. అందరికీ ఇంత బాగా పని చేయదు. కొందరికి మందు వాడినా పోవు.

ద్రవ నత్రజనితో గడ్డకట్టించే పద్ధతి కూడా ఉంది. నొప్పి ఎక్కువ, పొక్కు లేస్తుంది. 2011లో బ్రిటన్‌లో ప్రచురితమైన పరిశోధనలో అరికాలి పులిపిర్లకు ఇది శాలిసిలిక్ యాసిడ్ కంటే మెరుగని తేలలేదు. కోసి తీయటం మేము సాధారణంగా చేయము, ఎందుకంటే అరికాలిలో మిగిలే మచ్చ జీవితాంతం నొప్పి పెట్టవచ్చు. సున్నం, సోడా పెట్టి కాల్చుకోవద్దు. లోతైన పుండు పడుతుంది.

ఆనెకాయకైతే మొదటి వైద్యం చెప్పులు మార్చటమే. ఒత్తిడి పోనిదే అది పోదు.

ఒక హెచ్చరిక

వెళ్లేటప్పుడు ఆ తల్లి, "మిగిలిన మందు మా అత్తగారి ఆనెకాయకు వేయవచ్చా అండీ? ఆవిడకు షుగరు ఉంది" అని అడిగింది. మంచిదే, అడిగింది. వేయకూడదు. షుగరు వల్ల గానీ, కుష్టు వల్ల గానీ పాదం మొద్దుబారిన వారికి మందు మంచి చర్మాన్ని కాల్చినా తెలియదు. ఆ పుండు వేలు తీసేసే దాకా పోవచ్చు. మందుల షాపులో అమ్మే ఆనెకాయ పట్టీలలో కూడా ఇదే యాసిడ్ ఉంటుంది. అటువంటి వారు దేనినీ సొంతంగా వాడక మాకు చూపించాలి.

ఇతరులకు అంటకుండా

తడి నేల మీద, నానిన చర్మంలోని చిన్న గీతల ద్వారా వైరస్ చేరుతుంది. అంటిన కొన్ని నెలలకు గానీ పులిపిరి కనబడదు. కనుక హాస్టలు స్నానాల గదిలో రబ్బరు చెప్పులు వేసుకోవాలి. పులిపిరిపై ప్లాస్టరు అంటించాలి. తువ్వాలు, నురగరాయి ఎవరివి వారికే ఉండాలి. ఆ రాయితో మంచి చర్మాన్ని రుద్దరాదు. గిల్లటం, బ్లేడుతో కోయటం మానాలి. ఆ బాబుకు పక్కన రెండు కొత్తవి లేచింది బ్లేడు వల్లనే కావచ్చు.