పొగడ్త ఆపి ఒక ప్రశ్న వేస్తే

సమస్య

విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న 28 ఏళ్ల యువకుడు ఈ ఉత్తరం రాశారు. పెద్దల ద్వారా ఆయనకు విశాఖపట్నం అమ్మాయితో పరిచయమైంది. ముందు మీరిద్దరూ మాట్లాడుకోండంటూ ఇరువైపులవారూ ఫోన్ నంబర్లు ఇచ్చారు. ఆమె ఆయనకు నచ్చింది. ఆ సంగతి ఆమెకు తెలియాలని రోజూ మెచ్చుకుంటున్నారు. డీపీ బాగుందని ఒకరోజు, నవ్వు బాగుందని మరోరోజు. మొదట్లో ‘థాంక్యూ అండీ’ అని జవాబు వచ్చేది, ఇప్పుడు నవ్వు బొమ్మ ఒక్కటే వస్తోంది. ఆదివారాలు సింహాచలం మెట్లెక్కుతానని ఆమె చెప్పినరోజు ఈయన ‘వావ్, సూపర్ అండీ’ అన్నారు. మాట అక్కడే ఆగిపోయింది. ఇంకా బాగా పొగడాలా అని ఆయన అడుగుతున్నారు.

సలహా

పొగడ్తలు తగ్గించాలి. పొగడ్తకు థాంక్యూ తప్ప వేరే జవాబు ఉండదు కాబట్టి, ఎంత మంచి మాట అన్నా సంభాషణ ముందుకు సాగదు. పైగా మొదటివారంలోనే అన్నీ బాగున్నాయని చెప్పేస్తే, ఈయన మెప్పు పొందడానికి ఆమె చేయాల్సిందేమీ మిగలదు. తానెవరో తెలియకముందే మెచ్చేశారన్న అనుమానం కూడా ఆమెకు కలగవచ్చు.

ఇలియట్ ఆరన్సన్, డార్విన్ లిండర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1965లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. తమ గురించి మరొకరు చెప్పే అభిప్రాయాలను కాలేజీ అమ్మాయిలు వరుసగా వినేలా వారు ఏర్పాటు చేశారు. మొదటినుంచీ మెచ్చుకున్న మనిషికంటే, మొదట అంతగా నచ్చలేదని చెప్పి క్రమంగా మనసు మార్చుకున్న మనిషే వారికి ఎక్కువ నచ్చింది. అలాగని ముందు చిన్నబుచ్చి తర్వాత పొగడమని దీని అర్థం కాదు. ఆ ప్రయోగం ప్రేమ గురించి కూడా కాదు. ఈ ఉత్తరానికి అందులోంచి తీసుకోవాల్సింది ఒక్కటే: ఎదుటివారి అభిప్రాయం మెల్లగా పెరగడం కళ్లముందు కనిపిస్తే ఆ మెప్పుకు బరువొస్తుంది.

అభిప్రాయం అలా పెరగాలంటే ముందు ఆమె గురించి తెలియాలి. హార్వర్డ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో స్పీడ్ డేటింగ్ సంభాషణలను పరిశీలించారు. ఎదుటివారు చెప్పిన జవాబును పట్టుకుని మరో ప్రశ్న వేసినవారితోనే మళ్లీ కలవడానికి ఎక్కువమంది ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఆ మెట్ల దగ్గరికే వెళ్దాం. ‘సూపర్’ అనే బదులు ఆయన ‘మధ్యలో మొదటిసారి ఎక్కడ ఆగుతారు?’ అని అడగవచ్చు. ఆయాసం వచ్చినచోటని ఆమె చెప్పవచ్చు. చిన్నప్పుడు అమ్మమ్మ కూర్చునే చోటనీ చెప్పవచ్చు. అమ్మమ్మ ప్రస్తావన వస్తే తర్వాతి ప్రశ్న ఆవిడ గురించే ఉండాలి, ఈయన సొంత గుడి కబుర్లు అప్పుడే అందుకోకూడదు. ఆమె కూడా తిరిగి ప్రశ్నలు వేయడం మొదలుపెడితే దారి సరైనదే. వరసగా ఆరేడు ప్రశ్నలు గుప్పిస్తే మాత్రం అది ఇంటర్వ్యూ అవుతుంది. ప్రతి రెండు ప్రశ్నలకీ తన సంగతి ఒకటి చెప్పాలి.

ఇలా ప్రశ్నలతో మాట సాగాక ఒక చిన్న సవాలు కూడా వేయవచ్చు, అదీ ఒకటి రెండు రోజులు ఆగి. ‘వెయ్యికి పైగా మెట్లంటున్నారు. నేను ఎక్కడా ఆగకుండా పైకొస్తే టిఫిన్ ఖర్చు మీది. ఆగితే నాది. ఒప్పుకుంటారా?’ ఇందులో పొగడ్త లేదు గానీ, ఆమె ఇష్టపడే పని మీద గౌరవం ఉంది, కలవాలన్న కోరిక ఉంది, కాదనడానికి సులువైన దారి ఉంది. ‘మీరు సగంలోనే కూర్చుంటారు చూడండి’ అని ఆమె బదులిచ్చిందంటే ఆటలోకి వచ్చినట్టే. వెంటనే తేదీ అడగకుండా ఆ పందేన్ని నాలుగు రోజులు నడవనివ్వాలి. ఆదివారం ఎలా ఉంటుందోనన్న ఎదురుచూపు ఇద్దరిలోనూ పెరిగేది అప్పుడే.

2016లో వచ్చిన ‘పెళ్లి చూపులు’ సినిమాలో ముందు వినడం, తర్వాత సవాలు అనే ఈ వరసే కనిపిస్తుంది. పెళ్లిచూపుల్లో గదిలో ఇరుక్కుపోయిన అబ్బాయి, అమ్మాయి ఒకరి కథ ఒకరు వింటారు. తర్వాత కలిసి ఫుడ్ ట్రక్ నడుపుతూ పోట్లాడుకుంటారు, దగ్గరవుతారు.

సవాలుకు హద్దులున్నాయి. ఒళ్లు, రంగు, జీతం, ఇంట్లోవాళ్లు, పాత సంబంధాలు ఆటపట్టించే విషయాలు కావు. ఆమె గర్వంగా చెప్పుకునే పనుల మీద, అదీ ఈయన ఓడిపోయే వీలున్న పందెమే వేయాలి. కావాలని జవాబు ఆలస్యం చేయడం, వేరే సంబంధాల గురించి చెప్పి ఉడికించడం లాంటివి అనుమానాన్నే పెంచుతాయి. మెచ్చుకోవడం పూర్తిగా మానక్కర్లేదు. ఆమె చెప్పిన సంగతిలోంచి పుట్టిన ఒక్క మాట, సరైన సమయంలో చెబితే చాలు.

ఇలా రాసినా మళ్లీ మళ్లీ నవ్వు బొమ్మే వస్తే ఆమెకు ఆసక్తి లేదని తీసుకోవాలి. ‘మీకు ఇష్టం లేకపోతే పర్వాలేదు, ఇంట్లో నేనే చెబుతాను’ అని మర్యాదగా చెప్పి, ఆమె జవాబును గౌరవించి అక్కడితో ఆపేయాలి.