లెక్కలు వదిలేయాలా, అన్నా?

ఎనిమిదో తరగతిలో బడి మానేసి, పంతొమ్మిదో ఏట ఓపెన్ టెన్త్‌కు ఫీజు కట్టినవాణ్ని నేను. పోయిన నెల గద్వాల దగ్గర ఒక ఊళ్లో బడి మానేసిన పిల్లలతో ఆ సంగతులన్నీ చెప్పుకున్నాను. చివర్లో వాళ్లు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నలకు అక్కడ టైము చాలలేదు. అందులో మూడింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

*ఆరో తరగతి మధ్యలో మానేశాను. ఇప్పుడు నాకు 16. నేరుగా పది రాయనిస్తారా?*

రాయనిస్తారు చెల్లీ. తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠంలో పదికి చేరాలంటే 14 ఏళ్లు నిండి, చదవడం రాయడం వస్తే చాలు. మధ్యలో తరగతులు ఎందుకు లేవని అడగరు. పుట్టిన తేదీకి కాగితం మాత్రం కావాలి. పాత బడికి వెళ్లి టీసీ గానీ రికార్డ్ షీట్ గానీ అడుగు. దాన్నీ ఆధార్‌నూ పక్కపక్కన పెట్టి పేరు, తేదీ అక్షరం అక్షరం పోల్చి చూడు. తేడా ఉంటే దరఖాస్తుకు ముందే సరిచేయించుకో, మెమో వచ్చాక దిద్దించుకోవడం చాలా కష్టం.

ఇంకో మాట. మన దగ్గర పత్తి క్రాసింగ్ పని వానాకాలంలో మొదలై నెలలు సాగుతుంది. ఓపెన్ స్కూలు దరఖాస్తులు కూడా దాదాపు అప్పుడే పడతాయి. సాయంత్రం మొగ్గలు ఒలిచి, పొద్దున్నే పుప్పొడి రుద్దే పనిలో పడి, సీజన్ అయ్యాక చూద్దామనుకొని నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను. నువ్వు చేలో దిగకముందే కాగితాలు సిద్ధం చేసి, దగ్గర్లో ఏ హైస్కూల్లో స్టడీ సెంటరు ఉందో కనుక్కో.

*ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేయాలని ఉంది. కానీ లెక్కలంటే భయం. ఓపెన్‌లో లెక్కలు లేకుండా 5 సబ్జెక్టులు తీసుకోవచ్చంటున్నారు. తీసుకోనా?*

తీసుకోవద్దు తమ్ముడూ. లెక్కలు లేకున్నా పది పాసైనట్టే, మెమో వస్తుంది. కానీ ఎలక్ట్రీషియన్ ట్రేడుకు పదిలో లెక్కలు, సైన్సు ఉండాలి. పాలిటెక్నిక్‌కు కూడా లెక్కలు తప్పవు. వెల్డర్ లాంటి ట్రేడు అనుకుంటే వేరే సంగతి, దానికి ఎనిమిదితోనే తీసుకుంటారు. నీ దారి అది కాదు కాబట్టి లెక్కలు పెట్టుకో.

ఆ భయం ఎక్కడ మొదలైందో వెతుకు. మొదటిసారి నేను నేరుగా పదో తరగతి పుస్తకం తెరిచి, లెక్కలను కథల్లా బట్టీపట్టాను. పాసుకు 35 రావాలి, నాకు 21 వచ్చాయి. తర్వాత ఒక సార్ నాతో రెండే లెక్కలు చేయించారు. ½కి ⅓ కలపమంటే పైవి పైవి, కిందవి కిందవి కలిపి ⅖ అని రాశాను. సగం కంటే తక్కువ వచ్చిందే, ఎలాగరా అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. మైనస్ 3 నుంచి మైనస్ 5 తీసేయమంటే మైనస్ 8 అన్నాను. రావలసింది 2.

నువ్వూ ఆ రెండూ చేసి చూడు. మొదటిది తప్పితే ఐదో తరగతి పుస్తకం దగ్గర కూర్చో. రెండోది తప్పితే ఏడో తరగతి పుస్తకం తీయి. పుస్తకాలు ఊరి బడిలో అడిగితే దొరుకుతాయి. నాకు భిన్నాలకే నెలన్నర పట్టింది, రోజుకు గంట చొప్పున. ఆ గంట పని నుంచి వచ్చాక కాకుండా, పనికి పోకముందు పెట్టుకున్నాకే నిలబడింది. సమీకరణాలు ఆ తర్వాత పట్టుబడ్డాయి, ఎందుకంటే వాటిలో నన్ను ముంచింది ఎక్స్ కాదు, మైనస్ గుర్తు.

రెండోసారి 29 దగ్గర ఆగాను. ఈసారి లెక్కలు వచ్చు, చెయ్యి రాలేదు. బడి మానేశాక ఐదేళ్లు పెన్ను పట్టనివాణ్ని, మూడు గంటల పరీక్షలో గంటకే వేళ్లు బిగుసుకుపోయాయి. తెలిసిన ప్రశ్నలే వదిలి లేచాను. మూడోసారికి రోజూ 20 నిమిషాలు రాయడంతో మొదలుపెట్టి గంటలకు పెంచాను. పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకొని రాశాను. 43 వచ్చాయి.

*రెండు సబ్జెక్టులు పోయాయి. మళ్లీ అన్నీ రాయాలా? ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి.*

పోయినవే రాయాలమ్మా. పాసైన మూడూ అలాగే ఉంటాయి, చేరిన నాటి నుంచి 5 ఏళ్ల వరకు రాసుకోవచ్చు. ఈ మాట మీ నాన్నకు స్టడీ సెంటరు సార్‌తో చెప్పించు. నేను రెండోసారి తప్పినప్పుడు మా నాన్న, డబ్బులన్నీ వృథా అని చదువు మాన్పించబోయాడు. తప్పింది ఒక్క సబ్జెక్టేనని, మళ్లీ దానికొక్కదానికే ఫీజని తెలిశాక ఊరుకున్నాడు. 18 నిండకుండా పెళ్లి మాట గట్టిపడితే 1098కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు. నీ హాల్‌టికెట్టు, పాత మెమో మాత్రం నీ పెట్టెలోనే దాచుకో.