డెరివేటివ్ శిఖరం చుట్టూ: ల్యాబ్‌లో తేలిన పాఠాలు

కొత్తగా డిగ్రీ ల్యాబ్ చేపట్టిన అధ్యాపకుల కోసం ఇవి రాస్తున్నాను. ఉదాహరణగా అన్ని కాలేజీల్లోనూ ఉండే ప్రయోగాన్నే తీసుకుంటాను. 25 మిల్లీలీటర్ల ఎసిటిక్ ఆమ్లం బీకర్లోకి పిపెట్ చేసి, ఎలక్ట్రోడ్ మునిగేలా మరో 25 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, బ్యూరెట్ నుంచి 0.1000 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ వదలడం.

1. ముందు రఫ్ టైట్రేషన్ చేయించండి. ఒక్కో మిల్లీలీటరు చొప్పున వదిలితే చాలు. మన ఉదాహరణలో 24 దగ్గర పీహెచ్ 6.34, 25 దగ్గర 10.69 వచ్చింది. గెంతు ఆ మధ్యే ఉందని తెలిసిపోయింది కాబట్టి రెండోసారి 24 వరకూ ధైర్యంగా వదిలేసి, ఆపైన 0.1 చొప్పున నడవొచ్చు. మొదటి చుక్క నుంచీ చిన్న అడుగులే వేయించే మాస్టార్లున్నారు. అసలు చోటుకి చేరేసరికి పిల్లల ఓపిక అయిపోతుంది, ఆ తర్వాతి రీడింగులు అంచనాలే.

2. శిఖరాన్ని అడుగు మధ్యలో గుర్తించాలి. ఎక్కువ మార్కులు పోయేదీ, ఎక్కువమంది పట్టించుకోనిదీ ఇదే. రెండో టైట్రేషన్ రీడింగులు చూడండి: 24.40 దగ్గర 6.79, 24.50 దగ్గర 7.04, 24.60 దగ్గర 7.67, 24.70 దగ్గర 9.97, 24.80 దగ్గర 10.36. పక్కపక్క పీహెచ్‌ల తేడాని 0.1తో భాగిస్తే ΔpH/ΔV విలువలు వరసగా 2.5, 6.3, 23.0, 3.9 వస్తాయి. ఈ 23.0 ఎవరిది? 24.60దీ కాదు, 24.70దీ కాదు. ఆ రెంటి మధ్య దూరమంతటికీ అది సగటు వాలు. కాబట్టి దాన్ని 24.65 దగ్గర పెట్టాలి, మిగతా వాటిని 24.45, 24.55, 24.75 దగ్గర.

పిల్లలు రికార్డులో ΔpH విలువని కింది వరసలో, అంటే 24.70కి ఎదురుగా రాసుకుంటారు. గ్రాఫూ అలాగే గీస్తారు. శిఖరం మొత్తం అర అడుగు కుడికి జరిగి, ఎండ్ పాయింట్ 24.70 అవుతుంది. గ్రాఫ్ మాత్రం చక్కగానే ఉంటుంది, చూసి తప్పు పట్టలేం. అందుకే పట్టికలో సగటు ఘనపరిమాణానికి వేరే గడి ఉందో లేదో నేను ముందు చూస్తాను.

శిఖరం కొనని చేత్తో గీసి సాగదీయడం కన్నా, పక్కపక్క వాలుల తేడా తీయడం మేలు. 6.3 నుంచి 23.0కి పెరుగుదల 16.7, అక్కడినుంచి 3.9కి తగ్గుదల 19.1. మొదటిది 24.60కి, రెండోది 24.70కి చెందుతాయి. గుర్తు మారే చోటు ఆ మధ్యలో, 0.1 × 16.7 ÷ 35.8 దూరంలో, అంటే ఇక్కడా 24.65 దగ్గరే పడింది. ఆమ్లం గాఢత 24.65 × 0.1000 ÷ 25 = 0.0986 మోలార్.

3. అడుగు మరీ చిన్నదైతే శిఖరం పళ్లు తేలుతుంది. 0.02 మిల్లీలీటర్ల అడుగులు వేస్తే ఇంకా కచ్చితంగా వస్తుందనుకుంటారు. మామూలు బ్యూరెట్‌లో ఒక గీతకీ మరో గీతకీ మధ్య 0.1 ఉంటుంది. కన్నుతో చదివేటప్పుడు 0.02 అటూఇటూ కావడం సహజం. అప్పుడు అడుగెంతో చదువులో తప్పూ అంతే. పైగా మనం భాగిస్తున్నది ఆ అడుగుతోనే. మీటరు చివరి అంకె 0.01 ఊగినా, 0.02తో భాగించేసరికి వాలులో 0.5 తేడా కనిపిస్తుంది. ఒకటి కాక రెండు మూడు కొనలు వచ్చాయంటే ఆమ్లంలో కల్తీ ఉందని వెతకనక్కర్లేదు, ముందు అడుగుని అనుమానించండి. ఈ బ్యూరెట్‌కి 0.1 సరిపోతుంది.

4. మీటరు తప్పు చూపినా శిఖరం కదలదు. ఎలక్ట్రోడ్ పాతబడి అన్ని రీడింగులూ 0.3 ఎక్కువ చూపుతున్నాయనుకోండి. తేడాలు తీసేటప్పుడు ఆ 0.3 కొట్టుకుపోతుంది. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్‌కి 59 మిల్లీవోల్టులు రావలసింది 54 వస్తే శిఖరం కాస్త పొట్టిదవుతుంది, చోటు మాత్రం అదే. పీహెచ్ బదులు మిల్లీవోల్టులే రాసుకున్నా ఎండ్ పాయింట్ అంతే వస్తుంది.

కానీ అదే గ్రాఫ్ నుంచి పీకేఏ కూడా రాయమంటాం కదా! ఎండ్ పాయింట్‌లో సగం, అంటే 12.33 దగ్గర పీహెచ్ చదివి అదే పీకేఏ అంటాం. ఇక్కడ రీడింగ్‌ని ఉన్నదున్నట్టు వాడుతున్నాం కాబట్టి 0.3 తప్పూ నేరుగా జవాబులోకి వస్తుంది. ఎసిటిక్ ఆమ్లానికి 4.7 దరిదాపుల్లో రావాలి. గాఢత బాగా వచ్చి పీకేఏ 5.0 వచ్చిందంటే బఫర్లతో సరిచేయకుండానే మొదలుపెట్టారన్నమాట.

5. శిఖరం దగ్గర మీటరు నెమ్మదిస్తుంది. మధ్యలో బఫర్ గుణం ఉన్నంతసేపూ అంకె వెంటనే నిలబడుతుంది. ఎండ్ పాయింట్ చేరువలో ఆ పట్టు ఉండదు, ఒక్క చుక్కకే అంకె పరుగెత్తుతుంది. ప్రతి అడుగుకీ ఒకే విధంగా, అంకె నిలిచేదాకా, ఆగండి. అయితే ఎంత ఆగినా 9 దాటిన అంకె నిదానంగా కిందికే జారుతుంటే అది ఎలక్ట్రోడ్ దోషం కాకపోవచ్చు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ బీకర్లోకి దిగుతోంది. నీళ్లు మరిగించి చల్లార్చి వాడండి, స్టిరర్‌ని సుడి పడేంత వేగంగా తిప్పకండి.

సీసాలోని సోడియం హైడ్రాక్సైడే కార్బోనేట్‌గా కొంత మారి ఉంటే శిఖరం పొట్టిగా, పాదం వెడల్పుగా వస్తుంది. దానికి నా ఉపాయం, క్షారాన్ని కూడా పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో ఇదే పద్ధతిలో ప్రామాణీకరించడం. 0.5106 గ్రాములు తూచితే 0.1 మోలార్ క్షారం సరిగ్గా 25 మిల్లీలీటర్లు పట్టాలి. అదీ బలహీన ఆమ్లమే, దాని ఎండ్ పాయింట్ కూడా క్షార పక్షంలోనే ఉంటుంది. అందువల్ల కార్బోనేట్ వల్ల వచ్చే తప్పు రెండుచోట్లా దాదాపు ఒకేలా ఉండి, లెక్కలో చాలావరకు పోతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, మిథైల్ ఆరెంజ్ వేసి ప్రామాణీకరిస్తే ఆ సదుపాయం ఉండదు.

6. గ్రాఫ్ మొదట్లో కనిపించే గుట్టని ఎండ్ పాయింట్ అనుకోకండి. బలహీన ఆమ్లంలో మొదటి మిల్లీలీటరుకే పీహెచ్ 0.4 పైగా లేస్తుంది, సగం దారికి చేరేసరికి మిల్లీలీటరుకి 0.07కి పడిపోతుంది. శిఖరం 23 దగ్గరుంటే ఆ గుట్టని ఎవరూ లెక్కచేయరు. ఆమ్లం మరీ బలహీనమైతేనే తికమక.

7. బోరిక్ ఆమ్లంతో ఈ పద్ధతి నేరుగా పనిచేయదు. దాని పీకేఏ 9.24. ఎండ్ పాయింట్ వచ్చే లోపే పీహెచ్ బాగా పైకెక్కి ఉంటుంది కాబట్టి గెంతడానికి చోటే మిగలదు. అడుగులు ఎంత మార్చినా డెరివేటివ్‌లో చదునైన ఉబ్బే తప్ప కొన రాదు. గాఢతనీ ఆమ్ల స్థిరాంకాన్నీ గుణిస్తే 10⁻⁸ కన్నా తక్కువ వచ్చే ఆమ్లాలన్నిటికీ ఇదే గతి. బోరిక్ ఆమ్లానికైతే ఒక దారుంది. బీకర్లో కొన్ని గ్రాముల మానిటాల్ వేసి కరిగించండి. బోరేట్‌తో అది జట్టుకట్టి ఆమ్లాన్ని బలపరుస్తుంది, ఎసిటిక్ ఆమ్లానికి వచ్చినట్టే నిలువు శిఖరం వస్తుంది. ఎండ్ పాయింట్ దాటాక ఇంకొంచెం మానిటాల్ వేసి చూడండి. పీహెచ్ మళ్లీ పడిందంటే మొదట వేసింది చాలలేదు, ఆ రీడింగులు పక్కనపెట్టి ఎక్కువ మానిటాల్‌తో మళ్లీ చేయండి.