‘జెంటిల్’ అని రాసున్నా ముఖం ఎందుకు ఎండిపోతోంది?

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు. మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. ఉద్యోగం చేస్తూ విజయవాడలో హాస్టల్లో ఉంటున్నాను. అక్కడ బోరు నీళ్ళే. చెమటకీ జిడ్డుకీ తట్టుకోలేక రోజుకు నాలుగైదుసార్లు ఫేస్ వాష్‌తో ముఖం కడుక్కుంటాను. ట్యూబు మీద ‘జెంటిల్’ అని ఉంది. అయినా కడిగిన కాసేపటికే చెంపలు బిగదీసినట్టు అవుతున్నాయి, పొట్టు లేస్తోంది. మధ్యాహ్నానికి మళ్ళీ జిడ్డు. ట్యూబు వెనక నీళ్ళు, గ్లిజరిన్, మిరిస్టిక్ యాసిడ్, స్టియరిక్ యాసిడ్, పొటాషియం హైడ్రాక్సైడ్ అని వరసగా ఉన్నాయి. పీహెచ్ చూసి కొనమని స్నేహితురాలు అంటోంది. పీహెచ్ అంటే ఏమిటి డాక్టరు గారూ?

జవాబు: ట్యూబు వెనక ఉన్నది చదివి రాశారు కాబట్టి నా పని తేలికైందమ్మా. మిరిస్టిక్, స్టియరిక్ యాసిడ్లు కొవ్వు ఆమ్లాలు. వాటికి పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కలిస్తే తయారయ్యేది సబ్బే. మీరు వాడుతున్నది ట్యూబులో పోసిన సబ్బు అన్నమాట. ‘జెంటిల్’ అనే మాటకు ఒక నిర్ణీత కొలత లేదు, అది తయారీదారు తన సరుకును వర్ణించుకునే మాట.

ఇక పీహెచ్. ఒక ద్రవం ఎంత పుల్లగా, ఎంత క్షారంగా ఉందో చెప్పే అంకె ఇది. స్వచ్ఛమైన నీటికి 7. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఒక్కో అంకెకూ తేడా పదిరెట్లు. ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొర సుమారు 4.5 నుంచి 5.5 మధ్య, కాస్త ఆమ్లంగా ఉంటుంది. మామూలు సబ్బు నురగ 9, 10 దాకా వెళ్తుంది. అంటే వేల రెట్ల తేడా ఉన్న ద్రవాన్ని మీరు రోజుకు నాలుగైదుసార్లు ముఖానికి పట్టిస్తున్నారు.

చర్మం పైపొర ఇటుక గోడలాంటిది. మృతకణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే సెరమైడ్ వంటి కొవ్వులు సున్నం. ఈ కొవ్వును తయారుచేసే ఎంజైములు ఆమ్లంలోనే బాగా పనిచేస్తాయి. కణాల మధ్య బంధాలను తెంచే ఎంజైములు మాత్రం క్షారంలో చురుకవుతాయి. సబ్బుతో కడిగాక చర్మం తిరిగి తన స్థితికి రావడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. ఈలోపే మీరు మళ్ళీ కడుగుతున్నారు. సున్నం రాలిన గోడలోంచి లోపలి తడి ఆవిరైపోతుంది, అందుకే బిగుతు, పొట్టు. నూనె గ్రంథులు మాత్రం వాటి పని అవి చేసుకుంటూనే ఉంటాయి. పైన జిడ్డు, లోపల పొడితనం రెండూ ఒకేసారి కనిపించేది ఇందుకే. ఆ జిడ్డును చూసి ఇంకోసారి కడిగితే నష్టం పెరుగుతుంది.

బోరు నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. మీ బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంటే అది కఠిన జలమని అర్థం. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని పదార్థంగా మారి చర్మం మీద అంటుకుంటాయి. సముద్రం దగ్గరి డెల్టా ఊళ్ళలో ఉప్పు బోర్లు వాడేవారికి సబ్బు నురగ సరిగా రాదు, దాంతో ఇంకా ఎక్కువ రుద్దుతారు.

పీహెచ్‌ను మీరే చూడవచ్చు. సైన్స్ పరికరాలమ్మే దుకాణంలో పీహెచ్ పట్టీలు తెచ్చుకోండి. ఒక చెంచా ఫేస్ వాష్‌ను తొమ్మిది చెంచాల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పట్టీని ముంచి, డబ్బా మీది రంగులతో పోల్చండి. బోరు నీళ్ళు వాడితే అంకె తప్పుగా వస్తుంది. 5, 6 దగ్గర చూపితే ఆ ఒక్క విషయంలో ఫర్వాలేదు. ఒక్క విషయంలో అని ఎందుకంటున్నానంటే, పీహెచ్ 5.5 ఉన్నా సోడియం లారిల్ సల్ఫేట్ వంటి ఘాటైన నురగ పదార్థం ఉంటే ఆ ఫేస్ వాష్ కూడా ముఖాన్ని ఎండబెడుతుంది. పట్టీ ఆ ఘాటును చూపలేదు.

కాబట్టి సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్, డెసైల్ గ్లూకోసైడ్ వంటివి ఉండి, సబ్బు లేనిదాన్ని ఎంచుకోండి. నురగ తక్కువ వచ్చినా మురికి పోలేదని అనుకోకండి. పొద్దున, రాత్రి మాత్రమే, అర నిమిషం చాలు. మధ్యాహ్నం చెమట పడితే ఉత్త నీళ్ళతో కడగండి, వీలైతే మునిసిపల్ కొళాయి నీళ్ళతో. తువ్వాలుతో అద్దుకుని, తడి ఆరకముందే సువాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. మొటిమల కోసం శాలిసిలిక్ యాసిడ్, అడాపలీన్ వంటివి రాస్తుంటే అవి కూడా ఎండబెడతాయి, డాక్టరుతో చెప్పండి.

రెండు మూడు వారాల్లో తేడా కనిపించాలి. ముక్కు పక్కన, కనుబొమ్మల్లో ఎర్రగా ఉండి జిడ్డు పొట్టు లేస్తుంటే అది సెబోరిక్ డెర్మటైటిస్ కావచ్చు, దానికి చికిత్స వేరు. చర్మ వైద్యుణ్ణి కలవండి. ఈలోగా మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము మాత్రం తెచ్చి ముఖానికి రాయకండి.