రమ్మీ అప్పు, యాప్ బెదిరింపులు

ప్రశ్న: ఆన్‌లైన్ రమ్మీలో పోగొట్టుకుని లోన్ యాప్‌లో 5,000 తీసుకున్నాను. ఖాతాలో పడింది 3,200. వారంలోనే మొత్తం కట్టమంటూ, నా ఫొటో మార్ఫింగ్ చేసి బంధువులకు పంపుతామంటున్నారు. జూదం సంగతి బయటపడుతుందని పోలీసుల దగ్గరికి వెళ్లలేదు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వాళ్ల ధైర్యమంతా మీ మౌనమేనండీ. డబ్బు దేనికి వాడినా, ఫొటోతో బెదిరించి వసూలు చేయడం నేరమే. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీపై నిషేధం ఉంది కాబట్టి, ఆ భయముంటే ముందు లాయర్‌తో మాట్లాడండి. ఫిర్యాదు మాత్రం మానొద్దు.

యాప్ తీసేయకముందే మెసేజ్‌లు, కాల్ వివరాలు, 3,200 జమైన స్టేట్‌మెంట్ భద్రపరచండి. తర్వాత కాంటాక్ట్స్ అనుమతి ఆపేసి, 1930కి గానీ cybercrime.gov.in లో గానీ ఫిర్యాదు చేయండి. బంధువులకు మీరే ముందుగా, ‘నా పేరుతో ఫొటోలొస్తే నమ్మకండి’ అని చెప్పేస్తే బెదిరింపుకు సగం బలం పోతుంది.

ఒప్పంద పత్రంలో అప్పిచ్చిన సంస్థ పేరు వెతకండి. అది రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఎన్‌బీఎఫ్‌సీ అయితే బాకీ నిజమే, జూదానికి వాడారని రద్దు కాదు. కానీ వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బంధువులను వేధించకూడదు. ఆ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేలకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. సంస్థ పేరే లేకపోతే sachet.rbi.org.in లో తెలపండి.

ఏజెంట్ సొంత యూపీఐకి రూపాయి కూడా పంపకండి. ఈ బాకీ తీర్చడానికి ఇంకో యాప్‌లో అప్పు చేయకండి.