మూడు భాషల్లో ఒకే ప్రశ్న: చేయవలసినవి - చేయకూడనివి

తెలుగులో ప్రశ్న అడగాలంటే మాటల్ని అటూ ఇటూ జరపనక్కర్లేదు. "మీనా ఇక్కడ పనిచేస్తుంది" అన్న వాక్యం చివర దీర్ఘం తీస్తే చాలు, "పనిచేస్తుందా?" అయిపోతుంది. ఇంగ్లీష్, జర్మన్, ఫ్రెంచ్ దారులు వేరు. ఇంగ్లీష్ "డు" లేదా "డజ్" అనే సహాయక క్రియను తెచ్చి కర్తకు ముందు పెడుతుంది. జర్మన్ అసలు క్రియనే కర్తకు ముందుకు జరుపుతుంది. ఫ్రెంచ్ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, ముందు "ఎస్క" చేరుస్తుంది. మూడూ కలిపి నేర్చుకునేవారి తప్పుల్లో చాలామటుకు ఒక భాష పద్ధతి ఇంకో భాషలోకి చొరబడటం వల్ల వచ్చేవే. ముందు ఈ పట్టిక చూడండి. ఇందులో రాసింది ఉచ్చారణ మాత్రమే. స్పెల్లింగ్ మీ పాఠ్యపుస్తకంలో చూసి పక్కన రాసుకోండి.

| | ఇంగ్లీష్ | జర్మన్ | ఫ్రెంచ్ |
|---|---|---|---|
| మామూలు వాక్యం | మీనా వర్క్స్ హియర్ | మీనా ఆర్బైటెట్ హీర్ | మీనా త్రవాయ్ ఇసి |
| అవునా, కాదా? | డజ్ మీనా వర్క్ హియర్? | ఆర్బైటెట్ మీనా హీర్? | ఎస్క మీనా త్రవాయ్ ఇసి? |
| ఎక్కడ? | వేర్ డజ్ మీనా వర్క్? | వో ఆర్బైటెట్ మీనా? | ఊ ఎస్క మీనా త్రవాయ్? |
| ఎవరు? | హూ వర్క్స్ హియర్? | వేర్ ఆర్బైటెట్ హీర్? | కి త్రవాయ్ ఇసి? |
| ప్రశ్నలో ప్రశ్న | డు యు నో వేర్ మీనా వర్క్స్? | విస్సెన్ జీ, వో మీనా ఆర్బైటెట్? | ఎస్క వు సవే ఊ మీనా త్రవాయ్? |

చేయవలసినవి

1. పట్టికను పైనుంచి కిందికి, క్రియ మీద వేలు పెట్టి చదవండి. జర్మన్ నిలువు వరుసే తీసుకోండి. మామూలు వాక్యంలో "ఆర్బైటెట్" రెండో స్థానంలో ఉంది. అవునా, కాదా అని అడిగేటప్పుడు మొదటి స్థానానికి వచ్చింది. "ఎక్కడ" అనే మాట ముందు చేరగానే మళ్లీ రెండో స్థానానికి వెళ్లింది. చివరి వరుసలో, "మీకు తెలుసా" తర్వాత వచ్చే ముక్కలో, చిట్టచివరికి చేరింది. ఈ మూడు స్థానాలూ పట్టుబడితే జర్మన్ ప్రశ్నల్లో సగం పని అయినట్టే. ఫ్రెంచ్ నిలువు వరుసలో మాత్రం వేలు పెద్దగా కదలదు. "మీనా త్రవాయ్" అన్న జంట ఎక్కడా విడిపోలేదు చూడండి.

2. ఫ్రెంచ్‌లో మొదట "ఎస్క" ఒక్కదాన్నే స్థిరపరుచుకోండి. ఫ్రెంచ్‌వాళ్లు ఒకే ప్రశ్నను మూడు రకాలుగా అడుగుతారు. మామూలు వాక్యాన్నే గొంతు పెంచి "మీనా త్రవాయ్ ఇసి?" అనడం దగ్గరివాళ్లతో మాట్లాడే తీరు. "మీనా త్రవాయ్-తెల్ ఇసి?" అనడం ఉత్తరాల్లోనూ మర్యాదపూర్వకమైన మాటల్లోనూ ఎక్కువ. "ఎస్క" ఈ రెండింటి మధ్య నిలుస్తుంది. ఇంట్లో వాడినా, ఆఫీసులో వాడినా ఎవరూ తప్పు పట్టరు. పైగా వాక్యక్రమం మార్చాల్సిన బెడద లేదు. ఒక్క జాగ్రత్త చాలు. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే రెండూ కలిసిపోతాయి. "ఎస్క ఎల్" అనకూడదు, "ఎస్కెల్ త్రవాయ్ ఇసి?" అనాలి.

3. "ఎవరు" ప్రశ్నను వేరుగా సాధన చేయండి. ఇక్కడ ప్రశ్న పదమే కర్త. కాబట్టి మూడు భాషల్లోనూ క్రియ దాని వెనకే వస్తుంది, ఇంగ్లీష్‌లో "డజ్" కూడా అవసరం లేదు. ఇంకో చిక్కు చెవికి సంబంధించినది. జర్మన్‌లో "వేర్" అంటే ఎవరు, "వో" అంటే ఎక్కడ. ఇంగ్లీష్ అలవాటుతో వినేవారికి "వేర్ ఆర్బైటెట్ హీర్?" అన్నప్పుడు "ఎక్కడ" అని అడిగినట్టు తోస్తుంది. ఊరి పేరు జవాబుగా చెప్పేస్తారు. ఈ రెండు మాటల్నీ విడివిడిగా కాకుండా ఎప్పుడూ పూర్తి వాక్యంలోనే గుర్తుపెట్టుకోండి.

4. "కాదా, లేదా" ప్రశ్నలకు జవాబు ముందే సిద్ధం చేసుకోండి. "మీనా ఇక్కడ పనిచేయదా?" అని అడిగితే తెలుగులో "అవును, చేయదు" అంటాం. ఎదుటివారి మాటకు మన సమ్మతి అది. ఇంగ్లీష్‌లో "యెస్" అంటే పనిచేస్తుందని, "నో" అంటే చేయదని. అడిగిన తీరుతో సంబంధం లేదు. అదే ప్రశ్నకు "పనిచేస్తుంది" అని చెప్పడానికి జర్మన్‌లో "డోఖ్", ఫ్రెంచ్‌లో "సి" అని ప్రత్యేకంగా ఒక మాట ఉంది. "చేయదు" అనాలంటే జర్మన్‌లో "నైన్", ఫ్రెంచ్‌లో "నోఁ". ఇంటర్వ్యూలోనో విమానాశ్రయంలోనో "మీ దగ్గర పత్రాలు లేవా?" అన్నప్పుడు ఈ తేడా అర్థాన్నే తలకిందులు చేస్తుంది. అనుమానం వస్తే ఒక్క మాటతో ఆగకుండా, "ఉన్నాయి" అనో "లేవు" అనో పూర్తి వాక్యం చెప్పండి.

చేయకూడనివి

1. ఇంగ్లీష్ "డు"ను మిగతా భాషల్లోకి మోసుకెళ్లవద్దు. దానికి సాటి వచ్చే మాట కోసం జర్మన్, ఫ్రెంచ్ నిఘంటువులు వెతకవద్దు. పూర్వం ఇంగ్లీష్‌ కూడా జర్మన్‌లాగే అసలు క్రియను ముందుకు తెచ్చేది. షేక్‌స్పియర్ నాటకాల్లో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. ఆ తర్వాతే "డు" స్థిరపడింది. ఇప్పటికీ "ఈజ్", "కెన్" లాంటి క్రియలు పాత దారిలోనే నేరుగా ముందుకొస్తాయి. వాటికి "డు" తగిలించకూడదు. ఇక "డజ్" వచ్చినచోట "వర్క్స్" అనకూడదు. ఆ చివరి "స్" "డజ్"లోకి వెళ్లిపోయింది.

2. ఫ్రెంచ్‌లో రెండు పద్ధతుల్ని కలపవద్దు. "ఎస్క త్రవాయ్-తెల్ ఇసి?" తప్పు. "ఎస్క"లోనే తారుమారు జరిగిపోయింది, దాని వెనక మళ్లీ తిప్పకూడదు. అలాగే జర్మన్ చూసి "త్రవాయ్ మీనా ఇసి?" అనవద్దు. అవునా, కాదా ప్రశ్నలో పేరును క్రియ వెనక్కి నెట్టడం ఫ్రెంచ్ ఒప్పుకోదు. పేరు ముందే ఉంటుంది, క్రియ వెనక "-తెల్" చేరుతుంది.

3. ప్రశ్నలో ప్రశ్న వచ్చినప్పుడు లోపలిదాన్ని తిప్పవద్దు. "డు యు నో వేర్ డజ్ మీనా వర్క్?" అని మనవాళ్లు తరచూ అనే వాక్యం తప్పు. పట్టిక చివరి వరుస చూడండి. "డు", "ఎస్క" వాక్యం మొదట్లో ఒక్కసారే వచ్చాయి. లోపలి ముక్కలో ఇంగ్లీష్, ఫ్రెంచ్ మామూలు వాక్యక్రమానికి తిరిగొస్తాయి. జర్మన్ క్రియ చివరికి పోతుంది.

4. గొంతు పెంచడం మీదే ఆధారపడవద్దు. ఫ్రెంచ్ సంభాషణలో అది చెల్లుతుంది. ఇంగ్లీష్, జర్మన్‌లలో మామూలు వాక్యాన్ని గొంతు పెంచి అంటే, తెలియక అడిగినట్టు కాకుండా విన్నదాన్ని నమ్మలేక మళ్లీ అడిగినట్టు ధ్వనిస్తుంది. రాతపరీక్షలో ఆ గొంతు వినిపించదు, వాక్యక్రమానికే మార్కులు.

"పనిచేయు" స్థానంలో "నివసించు" అనే క్రియ పెట్టి ఈ అయిదు వరుసల్నీ మూడు భాషల్లోనూ మీరే రాయండి. రాసింది మీ టీచరుకు చూపించి దిద్దించుకోండి. అది తప్పు లేకుండా వచ్చాకే కొత్త క్రియకు వెళ్లండి.